చీకట్లో మొక్కే పొడుగ్గా ఎదిగితే? ఫెయిర్ టెస్ట్ పాఠానికి ఒక ప్రణాళిక

రెండు కప్పుల్లో పెసలు నాటి, ఒకటి కిటికీ దగ్గర, రెండోది తలుపు మూసిన అల్మరాలో పెట్టడం బడుల్లో చాలాకాలంగా చేయిస్తున్న ప్రయోగమే. మొక్కకు వెలుతురు అవసరమని తేలుతుందని అందరూ ముందే అనుకుని ఉంటారు. పది రోజులయ్యాక స్కేలు పెట్టి కొలిస్తే అల్మరాలోని మొక్క ఇంచుమించు రెట్టింపు పొడుగుంటుంది. అప్పుడు వెనక బెంచీ నుంచి ప్రశ్న వస్తుంది: “అయితే చీకట్లోనే బాగా పెరుగుతుందన్నమాట, కదండీ టీచర్?” ప్రయోగం ఎక్కడో చెడిందని టీచరు సర్దిచెప్పడం, కొందరు పిల్లలు గుట్టుగా అంకెలు తారుమారు చేసి రాసుకోవడం ఇక్కడే మొదలవుతుంది.

ఆ కొలతలో తప్పేమీ లేదు. చీకట్లో మొలిచిన మొక్క తాను ఇంకా మట్టి కిందే ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. గింజలో దాచుకున్న ఆహారాన్నంతా కాండం సాగదీయడానికే ఖర్చు పెడుతుంది. ఆకులు విప్పదు, పచ్చదనం తయారు చేసుకోదు, తల వంచుకుని పైకి తోసుకుంటూ పోతుంది. వెలుతురు తగలగానే కాండం సాగడం నెమ్మదించి ఆకులు విచ్చుకుంటాయి. కాబట్టి “పొడవు” అనే కొలతను బట్టి చూస్తే చీకటి మొక్కే గెలుస్తుంది. చిక్కంతా మనం పొడవునే పెరుగుదల అనుకోవడంలో ఉంది. అందుకే ఫెయిర్ టెస్ట్, అంటే ఒక్కటే మార్చి మిగతావి అలాగే ఉంచి పోల్చే పరీక్ష, నేర్పే చరరాశుల పాఠానికి నేను ఈ ప్రయోగాన్నే ఎంచుకోమంటాను. ఏం మార్చాలి, ఏం కొలవాలి, ఏం మారకుండా చూడాలి అన్న మూడు ప్రశ్నల్లో ప్రతిదీ ఇక్కడ నిజంగానే మెలిక పెడుతుంది. నీళ్లు పోసిన మొక్క బతికింది, పోయనిది ఎండిపోయింది లాంటి ప్రయోగంలో పిల్లలు ఆలోచించాల్సిన అవసరమే రాదు.

మొదటి పీరియడ్‌లో మూడు గడుల ఖాళీ పట్టిక ఇచ్చి “స్వతంత్ర చరరాశి, ఆధారిత చరరాశి, నియంత్రిత చరరాశులు రాయండి” అంటే పిల్లలు రాసేస్తారు. నీళ్లు, మట్టి, గింజలు, కుండీ సైజు. ప్రతి ప్రయోగానికీ అదే జాబితా అచ్చు గుద్దినట్టు వస్తుంది. దానికి బదులు పూర్తయిన ప్రణాళిక ఒకటి చేతికిచ్చి లోపాలు పట్టమనడం మేలు. “ఒక కప్పు కిటికీలో, ఒక కప్పు అల్మరాలో. రెండింటిలోనూ ఒకే మట్టి, ఒకే రకం గింజలు మూడేసి, రోజూ 20 మిల్లీలీటర్ల చొప్పున నీళ్లు. పదో రోజున పొడవు కొలుస్తాం.” చూడ్డానికి ఇందులో వెలుతురు ఒక్కటే మారుతోంది. పిల్లలు కూడా మొదట లోపమేమీ లేదనే అంటారు. అలా అననివ్వాలి.

తర్వాత ఒక్క ప్రశ్న చాలు: “మీరే చీమంత అయిపోయి ఒకసారి కిటికీ కప్పులో, ఒకసారి అల్మరా కప్పులో కూర్చుంటే ఏమేం తేడాగా ఉంటాయి?” అప్పుడు ఒక్కొక్కటే బయటికొస్తాయి. కిటికీ దగ్గర ఎండ తగిలి వేడిగా ఉంటుంది. గాలి ఆడుతుంది. మట్టి తొందరగా ఆరిపోతుంది. అల్మరాలో చల్లగా, స్తబ్దుగా, తడిగా ఉంటుంది. వెలుతురును మార్చామనుకున్నాం గానీ మనం మార్చింది చోటు. చోటుతోపాటు నాలుగు విషయాలు కలిసికట్టుగా మారిపోయాయి. పదో రోజు కనిపించే తేడా వెలుతురు వల్లనా, వేడి వల్లనా, తడి వల్లనా అంటే చెప్పడానికి ఆధారం ఉండదు.

నా దృష్టిలో పాఠానికంతటికీ ఇదే ఆయువుపట్టు. కాగితం మీద ఒక్కటే మార్చామని రాసుకోవడం వేరు, నిజంగా ఒక్కటే మారేలా చూడటం వేరు. పిల్లలు ఈ తేడాను ఎవరూ చెప్పకుండానే పట్టేస్తారని అనుకోకూడదు. 1999లో చెన్, క్లార్ అనే మనస్తత్వ పరిశోధకులు రెండు నుంచి నాలుగో తరగతి వరకు చదివే పిల్లలతో స్ప్రింగులు, వాలు పలకలు ఇచ్చి పరీక్షించారు. ఒకటి మాత్రమే మార్చి మిగతావి అలాగే ఉంచాలన్న సంగతిని మంచి, చెడు పోలికలు చూపించి విడమరిచి నేర్పిన పిల్లలు, కేవలం చేసుకుంటూ పోయిన పిల్లలకన్నా మెరుగ్గా ప్రయోగాలు కూర్చగలిగారు. కాబట్టి ఈ దశలో టీచరు నోరు విప్పి నేరుగా చెప్పడంలో తప్పేమీ లేదు. అన్నీ వాళ్లే కనిపెట్టాలన్న పట్టుదల ఇక్కడ పనికిరాదు.

లోపాలు బయటపడ్డాక ప్రణాళికను బాగుచేయడం వాళ్ల పని. దారి ఇటువైపు మళ్లిస్తే బాగుంటుంది: చోటు మార్చకుండా వెలుతురును మాత్రమే మార్చడం ఎలా? రెండు కప్పులనూ ఒకే బల్ల మీద పక్కపక్కనే పెట్టి ఒకదాని మీద అట్టపెట్టె బోర్లిస్తే చాలని ఎవరో ఒకరు అంటారు. వెంటనే ఇంకొకరు అడగాలి, ఎవరూ అడగకపోతే మీరే అడగాలి: పెట్టె కింద గాలి ఆగిపోదా, తడి నిలిచిపోదా? అంటే పెట్టె కూడా ఒక చరరాశే. దీనికి విరుగుడు సులువు. రెండు కప్పులకూ ఒకే కొలత అట్టపెట్టెలు బోర్లించాలి. ఒకదానికి నాలుగు పక్కలా, పైనా పెద్ద కిటికీలు కత్తిరించి పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం అంటించాలి. రెండోది మూసే ఉంటుంది. నిలబెట్టిన చెప్పుల పెట్టె ఎత్తు ఉంటే పది రోజులకు సరిపోతుంది. పెట్టెలను నేరుగా ఎండ పడని, వెలుతురు బాగా వచ్చే చోట పెట్టాలి. ఎండలో పెడితే ప్లాస్టిక్ ఉన్న పెట్టె లోపల వేడెక్కిపోయి, మనం తప్పించుకుందామనుకున్న ఉష్ణోగ్రత మళ్లీ దూరిపోతుంది. మధ్యాహ్నం రెండింటిలోనూ థర్మామీటరు పెట్టి చూస్తే సంగతి తెలిసిపోతుంది. ఒకటి రెండు డిగ్రీలకు మించి తేడా ఉంటే జాగా మార్చాలి.

ఇక నీళ్లు. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే “రెండింటికీ సమానంగా నీళ్లు” అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. రోజూ 20 మిల్లీలీటర్లు పోయడం ఒక సమానత్వం. గింజ చుట్టూ ఉన్న తడి రెండింట్లో ఒకేలా ఉండటం ఇంకో సమానత్వం. పచ్చని ఆకులున్న మొక్క నీటిని ఎక్కువగా ఆవిరి చేస్తుంది కాబట్టి మొదటి పద్ధతిలో కొన్ని రోజులకే ఒక కప్పు ఆరిపోతుంది, రెండోది బురదవుతుంది. బురదలో వేర్లకు గాలి అందక కుళ్లితే అది చీకటి చేసిన పని అని రాసుకుంటాం. మన ప్రశ్న వెలుతురు గురించి కనుక మొక్కకు అందుబాటులో ఉన్న తడే సమానంగా ఉండాలి. అంటే పోసే నీళ్లు వేరువేరుగా ఉండొచ్చు. సమానంగా చూడటమంటే సమానంగా పోయడమే అనుకున్న పిల్లలకు ఇది గట్టి కుదుపు.

తడిని కొలవడానికి వంటింటి డిజిటల్ తూకం చాలు. రంధ్రం లేని కప్పులో కడిగి ఆరబెట్టిన ముతక ఇసుక 250 గ్రాములు వేసి, 30 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, గింజలు నాటి మొత్తం బరువు కప్పు మీద రాయాలి. తర్వాత తూచిన ప్రతిసారీ ఆ బరువుకు ఎంత తగ్గితే అన్ని నీళ్లు పోయాలి. ఒక మిల్లీలీటరు నీళ్లు ఒక గ్రాము కాబట్టి లెక్క తేలిక. వెలుతురు కప్పు 8 గ్రాములు తగ్గితే 8 మిల్లీలీటర్లు, చీకటి కప్పు 3 తగ్గితే 3. ఈ పది రోజుల్లో మొక్క బరువు ఇసుకా నీళ్ల ముందు లెక్కలోకి రాదు.

మట్టి బదులు ఇసుక ఎందుకంటే, చివర్లో వేర్లు తెగకుండా కడిగి తీయాలి. ఇసుకలో పోషకాలు లేవే అన్న అనుమానం వస్తుంది. మొదటి పది రోజులకు గింజలో ఉన్న నిల్వే సరిపోతుంది. సరిగ్గా ఈ కారణంతోనే “ఎరువు వేస్తే మొక్క పెరుగుతుందా” అన్న ప్రయోగం రెండు వారాల్లో చేస్తే సాధారణంగా ఏ తేడా కనబడదు.

గింజలను ముందు రోజు రాత్రి నానబెట్టి, పొద్దున ఉబ్బినవాటిని మాత్రమే తీసుకోవాలి. పెసల్లో కొన్ని ఎంత నానినా రాయిలా ఉండిపోతాయి, అవి మొలవడానికి రోజులు పట్టవచ్చు. కప్పుకు ఐదు గింజలు, రెండు సెంటీమీటర్ల లోతున, పెన్సిల్ మీద గీత పెట్టుకుని నాటాలి. మొలిచాక మూడు మొక్కలే ఉంచి మిగతావి తీసేయాలి. ఏవి తీయాలన్నది ముందే నిర్ణయించుకోవడం మంచిది. “చివరగా మొలిచినవి తీసేద్దాం” లాంటి నియమం ఏదైనా పర్వాలేదు, రెండు కప్పులకూ అదే ఉండాలి. లేకపోతే వెలుతురు కప్పులో బలమైనవి మిగులుతాయి, పిల్లల చేయి తెలియకుండానే అటు పోతుంది. ఏ కప్పు చీకట్లోకి వెళ్లాలన్నది కూడా నాణెం ఎగరేసి తేల్చాలి.

పిల్లల మనసు ఇంకో రకంగా కూడా అడ్డొస్తుంది. ఏడో రోజు తూకం నాటికి చీకటి మొక్క పాలిపోయి కనిపిస్తుంది. దాని మీద జాలి కలుగుతుంది. ఎవరో ఒకరు దానికి రెండు చెంచాలు ఎక్కువ పోస్తారు, లేదా మధ్యాహ్నం విరామంలో కాసేపు పెట్టె ఎత్తిపెడతారు. వాళ్ల దృష్టిలో బలహీనమైనదానికి సాయం చేయడమే న్యాయం. పరీక్షలో న్యాయం అంటే పోలికకు న్యాయమే తప్ప మొక్కకు కాదని ముందే మాట్లాడుకోవాలి. మరీ బాధపడుతుంటే పదకొండో రోజున దాన్ని వెలుతురులోకి తెద్దామని మాటిస్తే సరిపోతుంది. ఒకటి రెండు మొక్కలను కొలతల నుంచి మినహాయించి పక్కన పెట్టుకుంటే అది కూడా చూడదగ్గ విషయమే.

రోజూ పెట్టె ఎత్తి కొలవాలని పిల్లలకు ఉబలాటం. చీకటి మొక్క విషయంలో అది కుదరదు. కొన్ని నిమిషాల వెలుతురు తగిలినా కాండం సాగే తీరు మారుతుంది, వంగిన తల నిటారవడం మొదలవుతుంది. కొలవడం అనే పనే కొలతను మార్చేస్తుంది. అందుకని నాలుగో రోజు, ఏడో రోజు, పదో రోజు, మూడుసార్లే తెరవాలి. తూకం, నీళ్లు, పొడవు అన్నీ అప్పుడే మసక వెలుతురులో చకచకా కానిచ్చేయాలి. వెలుతురు పెట్టెను కూడా ఆ మూడుసార్లే, అంతసేపే తెరవాలి.

పొడవు ఎక్కడి నుంచి ఎక్కడికి? దీన్ని తేల్చకుండా పీరియడ్ ముగించకండి. ఒక జట్టు ఆకు కొస దాకా కొలుస్తుంది, ఇంకో జట్టు కాండం చివరి మొగ్గ దాకా. నీళ్లు పోసినప్పుడల్లా ఇసుక కుంగిపోతుంది కాబట్టి అడుగు గీత కూడా జారుతుంది. నాటిన రోజే కప్పు అంచున ఒక అగ్గిపుల్ల గుచ్చి ఇసుక మట్టం దగ్గర గీత పెట్టుకుంటే అదే సున్నా. అక్కడి నుంచి చివరి మొగ్గ వరకు, వంగి ఉంటే దారం ఆనించి కొలవాలి.

తరగతిని ఆరు జట్లుగా చేసి, ప్రతి జట్టుకూ రెండు పెట్టెలు ఇస్తే ఆరు జతలవుతాయి. ఒకే పెద్ద పెట్టెలో ఆరు కప్పులూ పెడితే ఖర్చు తగ్గుతుంది గానీ ఆ పెట్టెకు ఏమైనా జరిగితే ఆరూ కలిసే చెడతాయి. అప్పుడు ఆరు కప్పులున్నా ఒక్క ప్రయోగమే. ఒకే కప్పులోని మూడు మొక్కలకూ ఇదే వర్తిస్తుంది. అందుకే మూడింటి సగటు తీసి జట్టుకు ఒక్క అంకెగా రాయిస్తాం.

పదో రోజున బోర్డు మీద ఇలాంటి అంకెలు వచ్చాయనుకుందాం (ఇవి పాఠం కోసం అల్లినవి). వెలుతురు కప్పులు సెంటీమీటర్లలో 9, 11, 10, 8, 12, 10. చీకటి కప్పులు 18, 21, 16, 11, 20, 22. సగటులు 10, 18. సగటు చెప్పి ముందుకు పోకూడదు. నాలుగో జట్టు చీకటి మొక్క 11 దగ్గర ఎందుకాగిపోయింది? పిల్లలు వెంటనే దాన్ని కొట్టేద్దామంటారు, లేదా ఆ జట్టును ఆటపట్టిస్తారు. అంకె నచ్చలేదని కొట్టేయడానికి వీల్లేదు. మొక్కను చూడాలి. ఆకులు కొంచెం పచ్చబడి, కాండం ఒకవైపుకు వాలి ఉంటే అటువైపు పెట్టెలో సందు ఉందన్నమాట. పెట్టెను దీపం ముందు పట్టుకుంటే కనబడుతుంది. అలాంటి కారణం దొరికితే, ఆ కప్పుకు చీకటి అందనే లేదని రాసి పక్కన పెట్టొచ్చు. మిగిలిన ఐదింటి సగటు 19.4 అవుతుంది. కారణం దొరక్కపోతే ఆ 11 పట్టికలో ఉండాల్సిందే. ఉన్నా పోయేదేం లేదు. వెలుతురు కప్పుల్లో అతి పెద్దవైన 11, 12లను మినహాయిస్తే చీకటి అంకెలన్నీ అవతలి గుంపుకు పైనే ఉన్నాయి, జతలవారీగా చూసినా ఆరింటిలోనూ చీకటిదే పైచేయి.

ఇక వెనక బెంచీ ప్రశ్న దగ్గరికి రావాలి. చీకట్లో బాగా పెరిగిందా? “బాగా” అంటే ఏమిటో తరగతి తేల్చుకోవాలి. పొడవు, ఆకుల సంఖ్య, ఆకు వెడల్పు, రంగు, బరువు అన్నీ ప్రతిపాదనకొస్తాయి. బరువు అనగానే పచ్చి మొక్కను తూచేస్తారు. పచ్చి బరువులో అత్యధిక భాగం నీళ్లే, పైగా చీకటి మొక్క నీళ్లు తాగి ఉబ్బి ఉంటుంది. నిలిచేది ఎండు బరువు. వేర్లతో సహా కడిగి, కాగితం కవర్లో పెట్టి ఎండబెట్టాలి. వరుసగా రెండు రోజులు తూచినా అదే బరువు వస్తే ఎండినట్టు. ఒక్కో మొక్క ఎండాక గ్రాములో పదో వంతు కూడా ఉండదు కాబట్టి వంటింటి తూకం సరిపోదు, 0.01 గ్రాముల దాకా చూపే ల్యాబ్ తూకం కావాలి. ఆరు జట్ల మొక్కలూ కలిపి, అటు పద్దెనిమిది ఇటు పద్దెనిమిది ఒకేసారి తూచాలి. నాలుగో జట్టు చీకటి మొక్కలను పక్కన పెట్టి ఉంటే దాని జతను కూడా తీసేసి పదిహేనేసి తూచాలి. నాటిన రోజే పక్కన పెట్టిన అన్నే గింజలను కూడా అలాగే ఎండబెట్టి తూచాలి.

మళ్లీ అల్లిన అంకెలే: పద్దెనిమిది గింజలు 0.90 గ్రాములు, చీకటి మొక్కలు 0.66, వెలుతురు మొక్కలు 1.05. రెట్టింపు పొడుగెదిగిన మొక్క, తాను పుట్టిన గింజకన్నా తేలికైపోయింది. తన నిల్వను శ్వాసక్రియలో కరిగించుకుంటూ సాగింది, కొత్తగా సంపాదించింది లేదు. మీ గదిలో వెలుతురు తక్కువైతే 1.05 రాకపోవచ్చు, గింజ బరువుకు అటూ ఇటూగా ఆగొచ్చు. చీకటిది మాత్రం తగ్గుతుంది.

ఈ లెక్కలోనూ ఒక రంధ్రం ఉంది, పదునైన పిల్ల ఎవరైనా పట్టుకుంటుంది. మొలిచేటప్పుడు గింజ పొట్టు రాలిపోతుంది, కడిగేటప్పుడు సన్నని వేర్లు కొన్ని తెగిపోతాయి. వాటి బరువు ఎక్కడ? చీకటి, వెలుతురు మొక్కల మధ్య పోలికకు దీనితో పెద్ద ఇబ్బంది లేదు. నష్టం రెండువైపులా దాదాపు ఒకేలా జరిగింది కాబట్టి తేడా అలాగే ఉంటుంది. గింజలతో పోల్చినప్పుడు మాత్రం ఇబ్బందే, ఎందుకంటే గింజల వైపు ఏమీ పోలేదు. రాలిన పొట్టు ఏరి కవర్లో వేసుకుంటే ఆ తప్పు చాలావరకు తగ్గుతుంది.

బరువు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న ఎదురైతే పదిహేడో శతాబ్దపు శాస్త్రవేత్త వాన్ హెల్మాంట్ సంగతి చెప్పడానికి ఇదే అదను. 200 పౌన్ల ఎండు మట్టిలో 5 పౌన్ల విల్లో మొక్క నాటి, ఐదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు 169 పౌన్లు దాటింది, మట్టి తగ్గింది రెండు ఔన్సులే. మట్టి తొట్టికి దుమ్ము పడకుండా మూత కూడా పెట్టాడు. అంత జాగ్రత్తగా చేసి, చెట్టంతా నీళ్ల నుంచే వచ్చిందని తేల్చాడు. ఆయన మరణానంతరం 1648లో ఈ వివరాలు అచ్చయ్యాయి. గాలి చెట్టుకు ఆహారమవుతుందన్న ఊహే అప్పటికి లేదు, కనుక అది ఆయన జాబితాలోకి రాలేదు. మనం నియంత్రించగలిగేది మనకు తట్టిన చరరాశులనే. తట్టనివి రెండువైపులా ఒకేలా పంచుకోవాలనే నాణెం ఎగరేసేదీ, ఆరు జతలు పెట్టేదీ.

పిల్లలకు ఎంత అబ్బిందో చూడటానికి చరరాశుల నిర్వచనాలు అడగక్కర్లేదు. కొత్త ప్రణాళిక ఒకటి ఇవ్వండి: “మొక్కలు దగ్గరదగ్గరగా ఉంటే పెరుగుదల తగ్గుతుందా? ఒక కప్పులో రెండు గింజలు, ఇంకో కప్పులో పది. రెండింటికీ ఒకే ఇసుక, ఒకే తడి, ఒకే వెలుతురు.” ఇందులో గింజల సంఖ్య మారుతోంది అని ఆగిపోయిన పిల్లలకు పాఠం సగమే అందింది. పది మొక్కలున్న కప్పులో ఒక్కోదానికి నీళ్లు, నీడ, వేర్ల జాగా కూడా మారిపోతున్నాయి కదా అన్నవాళ్లు గుట్టు పట్టుకున్నారు. వాళ్లలో ఎవరైనా “ఇక్కడ వాటిని ఆపాలా, లేక దగ్గరగా ఉండటమంటే అదేనా?” అని అడిగితే, తర్వాతి పీరియడ్ ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టండి.